ఇంకో పదడుగులు

బ్లాకు డెవలప్‌మెంట్ ఆఫీసరు గారి ఉత్తరం ఫిబ్రవరి మొదటి వారంలో వచ్చింది. గ్రాంటు సొమ్ము మార్చి ముప్పై ఒకటిలోగా ఖర్చు పెట్టాలి, వినియోగ ధ్రువపత్రం పంపాలి, లేకుంటే సొమ్ము వాపసు పోతుంది, కార్యదర్శి సంజాయిషీ ఇచ్చుకోవాలి. అట్టడుగున ఇంకో మాట కూడా ఉంది: తగిన కారణముండి గడువు కావలసినవారు మార్చి పదిహేనులోగా రాసుకోవచ్చు.

కార్యదర్శి రాజేశ్వర్ మొత్తం చదివాడు. చదవలేదని అంటే అబద్ధమవుతుంది. కాని 'సంజాయిషీ' దగ్గరే అతని చూపు ఆగిపోయింది. నిరుడు కల్వర్టు సొమ్ము వాపసు పోయి మెమో తిన్నవాడు. ఇంకోటి వస్తే ఇంక్రిమెంటు ఆగుతుంది.

ఈసారి గ్రాంటు మెథడిస్టు క్రైస్తవుల వాడలో మంచినీళ్ల బావికి. ఎడపల్లి దాటాక చెరుకు తోటల మధ్య రాజేశ్వర్ పనిచేసే ఊరు. వాడ ఆడవాళ్లు మైలు దూరం నడిచి సర్పంచి బాపురావు పొలంలో ఎడ్ల మోట దగ్గర కూర్చునేవారు. మోట నడిస్తే నీళ్లు, లేకుంటే లేదు. వాడలోని సాయవ్వ ఆ తొవ్వలో రెండు సార్లు కాలు విరగ్గొట్టుకుంది. "సారూ, మా బాయి ఎప్పుడు?" అని పంచాయతీ గడప తొక్కని వారం లేదు.

బావి తవ్వేందుకు పోశయ్య వచ్చాడు. వయసు అరవై, తవ్విన బావుల లెక్క తనకే తెలియదు. ఇరవై అడుగులకే ఊట తగిలింది. వాడ వాడంతా పండగ చేసుకుంది. పోశయ్య మాత్రం దోసిట్లో నీళ్లు పట్టుకుని మొహం చిట్లించాడు.

"గివి బాయి నీళ్లు గావు సారూ, కాల్వ నీళ్లు. చెరుకుకు కాల్వ ఇడిసిండ్రు, గది ఊరుతున్నది. కాల్వ బంద్ అయినంక, ఎండలల్ల తవ్వితె అసలు జల ఏడున్నదో ఎరుకయితది. ఇంకో పదడుగులన్న దిగాలె."

"అంచనాల ఇరవై అయిదే ఉన్నది, పోశన్నా. మార్చి దాటితే పైసలు వాపస్ పోతయి."

"ఒక్క చిట్టి రాయరాదు సారూ? మీకు రాయనీకె వస్తది గద!"

రాజేశ్వర్ రాశాడు. మే నెలాఖరు దాకా గడువు, ఇంకో పదడుగులకు సవరించిన అంచనా ఇప్పించవలసిందని చక్కగా రాసి జేబులో పెట్టుకుని మార్చి మొదటి వారంలో పంచాయతీ సమితి మీటింగుకు పోయాడు. అక్కడ ఆఫీసరు గారు వెనకబడిన కార్యదర్శులను పేరు పేరునా నిలబెట్టి కడిగేస్తున్నారు. రాజేశ్వర్ తన పేరు రాగానే లేచి, "పని నడుస్తున్నదండీ, నెలాఖరుకు పూర్తి" అన్నాడు. జేబులో కాగితం జేబులోనే ఉంది.

ఇరవై అయిదడుగులు దిగారు, రాతికట్టు కట్టారు. ఓవర్‌సీరు వచ్చి కొలిచి కొలతల పుస్తకంలో ఎక్కించాడు. ధ్రువపత్రం మీద సర్పంచి, కార్యదర్శి సంతకాలు చేశారు. అందులో ఒక్క అబద్ధం లేదు. సమితిలో అందరికన్నా ముందు అందిన ధ్రువపత్రం అదే. తరువాతి మీటింగులో ఆఫీసరు గారు అతని పేరెత్తి మెచ్చుకున్నారు కూడా. ఆ రోజు ఛాతీ ఉబ్బించుకుని ఇంటికొచ్చిన సంగతి తలచుకుంటే అతనికి ఇప్పటికీ సిగ్గు.

ఏప్రిల్ చివర కాలువ బంద్ చేశారు. మే రెండో వారానికి బకెట్టులో బురద వచ్చింది. తరువాత అదీ రాలేదు.

రాజేశ్వర్ సమితికి పరుగెత్తాడు. ఆఫీసరు గారు కోప్పడలేదు. ఫైలు తెప్పించి ధ్రువపత్రం అతని ముందే పెట్టారు.

"పని పూర్తయింది, వాడకంలో ఉంది అని మీరే రాసిచ్చారు. అదే బావికి ఇప్పుడు మళ్లీ ఇస్తే ఆడిట్ ఒప్పుకోదయ్యా. పని ముగియకముందు రాసి ఉంటే అంచనా మార్పించేవాణ్ణి. అందుకే కదా ఉత్తరంలో ఆ మాట పెట్టింది!"

తిట్టినా బాగుండేదనిపించింది రాజేశ్వర్‌కు.

ఊరికి తిరిగొస్తుంటే కొత్త బావి పక్కనే సాయవ్వ ఎదురైంది. నెత్తిన రెండు కుండలు, చంకలో ఒకటి, మోట దిక్కు పోతోంది.

"ఇంకింత లోతు తవ్వనీకె పైసలు ఇస్తరా సారూ?"

అతను చెప్పకుండా దాటిపోవచ్చు. చెప్పాడు.

"ఇయ్యరు, సాయవ్వా. అడుగుదమని చిట్టి రాసిన. భయపడి ఇయ్యలే. తప్పు నాదే."

సాయవ్వ చంకలో కుండ సవరించుకుంది. ఆమె మొహంలో కోపం లేదు.

"రాసినవు గద, సారూ. చిట్టి ఉన్నదా?"

"ఉన్నది."

"మరి గిప్పుడు ఇయ్యరాదు?"