పెండ్లి రవికెల కాగితం

అంబదాస్ ముప్ఫై ఏళ్లలో కొలతలు తప్ప ఇంకేమీ రాసినవాడు కాదు. అలాంటివాడు కరీంనగర్‌లో తన టైలరు దుకాణంలో కూర్చుని, ఒక్క ఉత్తరానికి మూడు కాగితాలు చింపాడు. తన ఊరి కోమల కూతురు నవనీత పెండ్లి బట్టలు తనకే అప్పగించారు. ఎప్పుడెంత కట్టాలో రాసిస్తే జీతాన్ని బట్టి పంపుతానని దుబాయి నుంచి కోమల పెనిమిటి ఫోన్ చేశాడు.

తన తండ్రి, బాపు కాలంలో ఈ బాధ ఎక్కడిది? ఊళ్లో బాపు కుట్టు మిషన్ అరుగు మీదే ఉండేది. కోమల తల్లి లస్మవ్వ ఏడాది పొడుగునా బట్టలు కుట్టించుకుని, కోతలయ్యాక వడ్లు పంపేది. కోమల పెండ్లి రవికెలకూ అంతే. రెండు సంచుల వడ్లు, బాపుకు కొత్త ధోతి. ఎంతని బాపు అడగలేదు, ఇంత చాలునా అని లస్మవ్వా అడగలేదు. 

కానీ పోయినేడు పదకొండు రవికెలు కుట్టాక ఓ పెండ్లి ఆగిపోయింది. రవికెల మీద జరీ, పూసలు కుట్టే మగ్గం పనివాళ్ల కూలి తన జేబులోంచే ఇచ్చుకున్నాడు. ఒకరి కొలతకు కుట్టినవి ఇంకొకరికి పట్టవు కదా, ఆ పదకొండు రవికెలు బీరువాలోనే ఉండిపోయాయి. మళ్లీ అట్లా అయితే దుకాణానికి తాళమే. అందుకే ఇట్లా రాశాడు:

"చెల్లె కోమలకు. పన్నెండు రవికెలకు, ఒక లెహంగాకు మొత్తం నలభై రెండు వేలు. కొలతలిచ్చిన రోజు అడ్వాన్సు పదిహేను వేలు. లైనింగు, జరీ, పూసలు అందులోనే కొంటాను. మగ్గం పని అయినాక, తొడిగి చూసుకున్న రోజు పదిహేను వేలు. మిగతా పన్నెండు వేలు పెండ్లికి ఐదు రోజుల ముందు, బట్టలు తీసుకుపోయేటప్పుడు. పెండ్లి ఆగితే అడ్వాన్సు వాపసు లేదు, అప్పటికి అయిన పనికీ పైసలు కట్టాలి."

మర్నాడు కోమల కాగితం పట్టుకుని దుకాణానికి వచ్చింది.

"పైసల ఫికర్ లేదన్నా. గీ ఆఖరు మాటేంది? పసుపు దంచే ఇంటికి గిట్లాంటి మాట రాసి పంపుతరా?"

అంబదాస్‌కు తల కొట్టేసినట్టయింది. బీరువా తెరిచాడు.

"ఇవి పోయినేటియి చెల్లె. గా మాట తీసేస్తే నేను మునుగుత."

కోమల ఒక రవికె చేతిలోకి తీసుకుని, దాని మీది ముత్యాలు తడిమింది. ఎవరి పిల్ల తొడుక్కోవాల్సిందో అనుకుంది.

"రెండో పదిహేను వేలు రవికెలు మగ్గం మీదికి ఎక్కకముందే ఇస్త. ఐదో తారీఖు ఆయనకు జీతం పడుతది. పని మొదలుగాకముందే పైసలు నీ చేతిల ఉంటే, గా మాటతోని ఏం పని?"

అంబదాస్ రెండో పదిహేను వేలు కట్టే రోజు మార్చి, ఆ ఆఖరు మాట లేకుండా ఉత్తరం మళ్లీ రాశాడు. కోమల అడ్వాన్సు తీసి మిషన్ మీద పెట్టింది. లస్మవ్వ ఇంటి నుంచి కుట్టకముందే పైసలు రావడం ఇదే మొదలు. బాపు అయితే ముట్టుకునేవాడు కాదు. అంబదాస్ తీసుకున్నాడు. కళ్లు తుడుచుకుని రసీదు రాసిచ్చాడు.