గుర్తు చిరునామా కాదట

మా పార్సిల్ కంపెనీ చాట్‌బాట్‌కి మేం పెట్టుకున్న పేరు వాగుడుకాయ. అడిగినదానికీ అడగనిదానికీ గుక్క తిప్పుకోకుండా జవాబు చెబుతుంది. అయితే అది రాసింది సరాసరి కస్టమర్ కంట పడదు. మధ్యలో జల్లెడలాంటి ఇంకో ప్రోగ్రాం ఉంది. జవాబులో ఫోను నంబరు, పిన్‌కోడు, ఇంటి నంబరు, వీధి పేరు, మనిషి పేరు ఏది కనిపించినా దాని మీద చుక్కలు పెడుతుంది. బూతో బెదిరింపో ఉంటే జవాబు మొత్తం ఆపేసి, "క్షమించండి, ఈ విషయంలో సహాయం చేయలేను" అని పంపుతుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది.

జల్లెడ ఆపినవాటిలో కొన్ని, వదిలినవాటిలో కొన్ని మూడో అంతస్తులో నా తెర మీదకు వస్తాయి. సరిగ్గా పట్టిందా, అనవసరంగా పట్టిందా, పట్టాల్సింది వదిలేసిందా అని చూసి మీట నొక్కడం నా ఉద్యోగం. రోజుకి ఆరువందల సార్లు నొక్కుతాను. జనం యంత్రంతో ఎంత నీచంగా మాట్లాడతారో చదివి చదివి, మధ్యాహ్నానికి అన్నం ముందు కూర్చుంటే వెగటుగా ఉంటుంది.

ఆ రోజు ఆ వెగటు బయటివాళ్ల మీద కాదు.

కింద కౌంటర్‌లోని అమ్మాయి ఫోను చేసింది. "అక్కా, ఒకావిడ వచ్చి కదలట్లేదు. మీ బాట్ మా ఇల్లు చెప్పేసిందంటోంది. మీరొకసారి దిగండి."

దిగాను. బెంచీ మీద ఒక దర్జీ కూర్చుని ఉంది. మెడలో టేపు అలాగే ఉంది, పని మధ్యలో లేచి వచ్చినట్టు. ఎడమ మణికట్టు వాచి నల్లబడింది. నేనడగకుండానే చెప్పింది.

"మా ఆయన్నొదిలేసి వచ్చి ఎనిమిది నెలలైందండీ. ఇల్లెక్కడో మా అమ్మకి కూడా చెప్పలేదు. పొద్దున మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎవరు చెప్పారంటే, మీ పార్సిల్ కంపెనీయే చెప్పిందని నవ్వుతూ ఫోను చూపించాడు."

"ఆయనకెలా చెబుతుందమ్మా? ఖాతా మీదే కదా?"

"నంబరు పాతదండీ. ఆ సిమ్ము ఆయన దగ్గరే ఉండిపోయింది. దారాలు పంపే కొట్టువాళ్లకి కొత్త చిరునామా ఇచ్చాను. మీ దగ్గర నంబరు మార్చమని రెండుసార్లు అడిగాను. పాత నంబరుకి ఓటీపీ వస్తుంది, అది చెప్పండన్నారు. ఆ ఫోను నా దగ్గరుంటే మార్చమని ఎందుకడుగుతానండీ?"

పైకి వచ్చి ఆ సంభాషణ వెతికి తీశాను. అతగాడు ఎంతో మర్యాదగా అడిగాడు: నా చివరి పార్సిల్ ఎక్కడ ఇచ్చారు, దయచేసి చెప్పగలరా. వాగుడుకాయ డెలివరీ కాగితం మొత్తం అప్పజెప్పింది. జల్లెడ దాటి వెళ్లిన జవాబు ఇది:

"మీ పార్సిల్ ఇంటి నంబరు ......, ...... వీధి, నీళ్ల ట్యాంకు వెనక, కుట్టుమిషన్ బోర్డున్న ఇంటి మేడ మీద గదిలో అందజేశాం."

పక్కన పచ్చ దీపం వెలుగుతోంది. తనిఖీ పూర్తి, రెండు అంశాలు తొలగించబడ్డాయి.

మన ఊళ్లలో ఇంటి నంబరు చూసి ఇల్లు కనుక్కున్నవాడెవడు? ట్యాంకు వెనక అంటే చాలు, కళ్లు మూసుకుని వెళ్లిపోతాం. చుక్కలు పెట్టినవి ఎవరికీ అక్కర్లేనివి. అక్కరకొచ్చేది మాత్రం అరచేతిలో పెట్టి ఇచ్చాం.

ఆ మాటకొస్తే జల్లెడ ఒకప్పుడు ఇలాంటి కొండగుర్తుల్నీ పట్టేది. మీ ఆఫీసు ఎక్కడ అని ఎవరైనా అడిగితే, 'బస్టాండు ఎదురుగా' అన్న మాట మీద కూడా చుక్కలు పెట్టేది. జనం విసుక్కున్నారు. రెండు నెలల కిందట మా మేనేజర్ సమావేశం పెట్టాడు. ఆయన్ని మేం శాతం సార్ అంటాం. నోరు తెరిస్తే శాతాలే రాలతాయి. అనవసరపు ఆపివేతలు పన్నెండు శాతం ఉన్నాయి, మూడుకి దించాలన్నాడు. దించే దారి చూపింది నేనే. ఒకే రకం తప్పుని రోజంతా నొక్కీ నొక్కీ విసిగిపోయి, జల్లెడ నియమాల పుస్తకంలో నా చేత్తో ఒక వాక్యం రాశాను: 'గుర్తులు వ్యక్తిగత సమాచారం కాదు.' చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నా మొహం మీద నాకే ఉమ్మేయాలనిపించింది.

శాతం సార్ నా భుజం మీదుగా తెర చూశాడు. "జల్లెడ తన పని చేసిందిగా. నంబరు తీసేసింది, వీధి తీసేసింది. సరైనది అని నొక్కెయ్యమ్మా."

"ఆవిడ చెయ్యి చూశారా సార్?"

"అది వాళ్ల ఇంటి గొడవ. నువ్వు లీకు అని నొక్కితే ఇలాంటివన్నీ తవ్వాలి, అందరికీ తెలియజేయాలి. ఎన్నున్నాయో ఏంటో."

"నాలుగువందల పదకొండు. ఇప్పుడే వెతికాను."

ఆయన మొహంలో జాలి లేదు, భయం కూడా లేదు. లెక్క తప్పినవాడి చిరాకు ఉంది, అంతే. అసహ్యంతో నా నోరు చేదెక్కింది. 'పట్టాల్సింది వదిలేసింది' అన్న మీట నొక్కాను. గుర్తుల మీద చుక్కలు ఈ క్షణం నుంచే పెట్టించమన్నాను. పరీక్షించకుండా జల్లెడ మార్చడం కుదరదు, వచ్చే వారం చూద్దాం అన్నాడు.

మళ్లీ కిందికి వెళ్లి దర్జీ దగ్గర ఫిర్యాదు రాసుకున్నాను. తప్పు మాదేనని మొహం మీదే చెప్పాను. ప్రస్తుతం ఎక్కడుంటారో రాయకపోతే ఆ ఫారం ముందుకు కదలదు. ఆవిడ తటపటాయించింది.

"చెప్పాలా అండీ?"

"మా వాళ్లే చూస్తారమ్మా. నాది పూచీ."

"పిండిమర సందు చివర, మా చెల్లెలింట్లో. పిల్లనీ అక్కడే దింపాను." కొత్త ఫోను నంబరు మాత్రం ఫారంలో వద్దంది. నా చేతిలోని చీటీ మీద రాసింది. నేను ఫారం కింద 'పాత నంబరుకి ఏమీ పంపరాదు' అని పెద్దగా రాశాను. ఆవిడ బస్సెక్కేదాకా వాకిట్లోనే నిలబడ్డాను.

సాయంత్రం నాలుగింటికి శాతం సార్ హుషారుగా వచ్చాడు. "నీ దర్జీ ఫిర్యాదు మూసేశానమ్మా. క్షమాపణ కూడా వెళ్లిపోయింది. ఇందాకే."

"ఎవరు రాశారు సార్?"

"ఎవరు రాస్తారు? బాటే. ఫారం చూసి రాసేసింది. జల్లెడలోంచి కూడా పోయింది, చూడు, పచ్చ."

చూశాను.

"...... గారూ, జరిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. ప్రస్తుతం మీరు ఉంటున్న పిండిమర సందు చివర, మీ చెల్లెలి ఇంటికి మా ప్రతినిధి రేపు స్వయంగా వస్తారు."

"ఏ నంబరుకి వెళ్లింది?"

"ఖాతాలో ఉన్నదానికే. ఇంకెక్కడికి వెళుతుంది?"

నేను రాసిన పెద్దక్షరాలు ఫారం అడుగున అలాగే ఉన్నాయి. వాటిని చదివి ఆగాల్సిన పని ఎవరిదీ కాదు. సందేశం పక్కన రెండు టిక్కులు. అవతల చదివారు, ఇరవై నిమిషాలైంది.

చీటీ తీసి నంబరు నొక్కుతూనే మెట్ల వైపు పరుగెత్తాను. పోలీసులకు ఫోను చేయమని కౌంటర్ అమ్మాయికి మెట్ల మీంచే అరిచి చెప్పాను. మూడో రింగుకి దర్జీ ఎత్తింది. వెనక పిల్ల ఏదో పాట పాడుకుంటోంది.

"అమ్మా, నేను పార్సిల్ కంపెనీ నుంచి. పిల్లని తీసుకుని ఇప్పుడే బయటికి వచ్చేయండి. జనం ఉన్న చోటికి వెళ్లండి. ఎక్కడికో నాకు మాత్రం చెప్పకండి."

"మళ్లీ చెప్పేశారా?" అంది.

"చెప్పేశాం" అన్నాను.