తక్కెట్లో ఇద్దరు

శాంతిప్రియ చేట ఎగరేస్తోంది. వేయించిన వేరుశెనగ పప్పు మీది పొట్టు పక్కకు లేచిపోతుంటే, కింద రాలిన పప్పులు తల్లి పాపమ్మాళ్ ఏరుతోంది. కోవిల్‌పట్టిలో ఆ వీధి ఇళ్లన్నిటికీ పొద్దుటి పని ఇదే. మధ్యాహ్నానికి ఆ పప్పు బెల్లం పాకంలో పడి కడలైమిఠాయి అవుతుంది.

"మళ్లా అదే కలా?" అంది పాపమ్మాళ్.

"అదే."

విరుదునగర్‌లో పెదనాన్న నారాయణన్‌కు నూనె మిల్లుండేది. మిల్లు ముంగిట మూటలు తూచే పెద్ద తక్కెడ. ఒకే నెలలో పుట్టిన ఇద్దరు పిల్లల్ని, ఆయన కూతురు శివరంజనిని, తమ్ముడి కూతురు శాంతిని, చెరో తట్టలో కూచోబెట్టి పెద్దవాళ్లు సరదాగా తూచేవాళ్లు. శాంతి బక్కపిల్ల. ఆమె తట్ట ఎప్పుడూ గాలిలోనే.

ఆ కల రోజూ రాదు. పదో తరగతి ఫలితాలప్పుడు వచ్చింది, కాలేజీ సీట్లప్పుడు వచ్చింది. ఇద్దర్నీ ఎవరో పక్కపక్కన పెట్టి చూసే రోజు దగ్గర పడితే చాలు, తక్కెడ వచ్చి వేలాడుతుంది. ఈసారి దానికి మిఠాయి కంపెనీ నీలం బోర్డు కట్టి ఉంది. నిన్న బస్సులోంచి చూసిన బోర్డే. రంజని తట్ట దబ్బున దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. రంజని తలెత్తి, "తాలుకాయ" అంది. గింజలేని కాయ. మొహం కడుక్కునేసరికి చప్పట్లు మరుపున పడ్డాయి. కోపం మాత్రం పోలేదు.

ఆ కంపెనీలో సూపర్‌వైజర్ ఉద్యోగం ఒక్కటే. ఇంటర్వ్యూకు ఇద్దర్నీ పిలిచారు. రంజని అందుకే నిన్న వచ్చి ఇక్కడే పడుకుంది. ఇవాళ మధ్యాహ్నం జరగాల్సిన ఇంటర్వ్యూ పొద్దున్నే పెట్టుకున్నామని నిన్న సాయంత్రం ఫోనొచ్చింది. రంజని ఫోను కలవలేదని, ఆమెకూ చెప్పమని శాంతితోనే అన్నారు. శాంతి చెప్పలేదు. తను మాత్రం స్నానం చేసి, చీర కట్టుకుని సిద్ధంగా ఉంది.

"తెల్లవారుజాము కల పలిస్తుందే," అంది పాపమ్మాళ్ గొంతు తగ్గించి. "రంజనే గెలుస్తుందని దేవుడు ముందే చూపించినాడు. దానికి చెప్పకుండా నోరు మూసుకుని నువ్వు పో."

పెరటి తలుపు దగ్గర బకెట్ చప్పుడైంది. రంజని తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని లోపలికొచ్చింది.

"ఏమే, పట్టుచీరలో చెరుగుతా ఉండావు? నిన్ను చూసేదానికి మాప్పిళ్లై వస్తాడా?"

"నీకెందుకు?"

"సుమ్మా, ఊరికే అడిగినా. నిన్నటి నుంచీ మూతి ముడుచుకునే ఉండావు. నేనేం చేసినా నీకు?"

శాంతి చేట దించింది. "ఏం చేసినావా? తక్కెట్లో కూచుని నన్ను తాలుకాయ అన్లేదా? అందరూ నవ్వలేదా?"

"నేనా? ఎప్పుడు?"

"మీ మిల్లు దగ్గర. నీ నోటితోనే అన్నావు. ఇప్పటికీ నా కలలోకొచ్చి అంటానే ఉండావు."

"అందరూ నవ్విన ఆ ఏడు నాకు గవదబిళ్లలు," అంది రంజని. "దవడ కింద వేపాకు పెట్టి గుడ్డతో తలకి బిగించి కట్టినారు. గంజి తాగేదానికే నోరు తెరవలే. గుడ్డ కట్టిన కోతి తూగుతా ఉందని నన్ను చూసి కూడా నవ్వినారు. కలలో ఎవురో అన్నదాన్ని తెచ్చి నా నెత్తిన రుద్దొద్దు."

శాంతికి ఆ గుడ్డ గుర్తొచ్చింది. పసుపు మరకలు, నడినెత్తిన కుందేలు చెవుల్లా నిలబడ్డ ముడి. కలలో రంజని మొహానికి ఆ గుడ్డ ఏనాడూ లేదు. మనసులో ఆ గుడ్డను మళ్లీ కట్టి చూస్తే, నోరు కదలని రంజని పక్కన తక్కెడ కొక్కెం పట్టుకుని ఇంకొకరు నిలబడి ఉన్నారు. "పైకి లేచింది చూడు, తాలుకాయ. రంజనిని చూడు, నిండుకాయ." ఆ గొంతు రోజూ వినే గొంతే.

శాంతి తల్లి వైపు చూసింది. పాపమ్మాళ్ పప్పులు ఏరడం ఆపలేదు.

"అన్నది నువ్వు గదమ్మా."

"రోసమొచ్చి తింటావని అన్నా. తప్పా?"

"నాకూ చెప్పేది చిన్నమ్మ," అంది రంజని. "లెక్కల్లో శాంతి కాలిగోటికి సరిరానని. నా కలలో నువ్వే పస్టు వస్తావు. మంచిదనుకున్నావా? లేచినప్పుడు నిన్ను చంపాలనిపిస్తుంది."

ఆ మాట హాస్యానికి అనలేదు. శాంతికి ఆమె మీద జాలి కూడా కలగలేదు. ఇన్నేళ్లు పెంచిన కోపం ఒక్క గుడ్డముక్కతో ఎక్కడికి పోతుంది? కానీ దాన్ని పట్టుకుని వెళ్లి గెలవడానికి ఇప్పుడు మనసు రాలేదు.

"ఇంటర్వ్యూ మధ్యాహ్నం కాదు," అంది. "ఇప్పుడే. నిన్న ఫోన్ చేసినారు."

రంజని ఆమె పట్టుచీర వైపు కింది నుంచి పైదాకా చూసింది. "తూ," అని, తువ్వాలు విసిరి బట్టలు మార్చుకోవడానికి లోపలి గదిలోకి పరిగెత్తింది.

పాపమ్మాళ్ నుదురు కొట్టుకుంది. "ఎందుకే చెప్పినావు, తెలివిలేనిదానా? నీ చోట రంజని ఉంటే చెప్పుండేదా? దాని సామర్థ్యంలో సగమన్నా నీకుంటే..."

శాంతి చేటను తల్లి ముందు పెట్టింది. పొట్టు సగం ఇంకా పప్పులోనే ఉంది. చీర కుచ్చిళ్లకు అంటిన పొట్టు దులుపుకుని, సంచీ భుజాన వేసుకుని, ఇంటర్వ్యూకని గడప దాటింది.