గులాబి చీటీ

వరదకి మైదానం తూర్పు గోడ పడిపోయిన తర్వాత మూడో ఏడు అది. గోడ కట్టారు గానీ బురద గీత ఇప్పటికీ కనపడుతుంది, మనిషి నడుమెత్తున.

మా ఫుట్‌బాల్ క్లబ్బులో నేను సామాన్ల మనిషిని, వయసు చూసి అందరూ తాతా అంటారు. జెర్సీలు ఉతకడం, బూట్లకి మేకులు మార్చడం, నీళ్ళ సీసాలు, డాక్టరమ్మ మందుల సంచీ మొయ్యడం, అన్నీ నావే. చదివింది మూడో తరగతి. అంకెలు మాత్రం కుదురుగా రాస్తాను. అందుకని ఆటగాళ్ళని మార్చేటప్పుడు అధికారికిచ్చే చీటీలు నా చేత రాయించేవాళ్ళు. బయటికొచ్చే నంబరు పైన, లోపలికెళ్ళే నంబరు కింద.

నేను చేరినప్పుడు ఆటలో ఇద్దర్నే మార్చనిచ్చేవారు. ఒకసారి ఇద్దరూ అయిపోయాక మా గోల్‌కీపర్ వేలు విరిగితే వెనక ఆడేవాడొకడు గ్లౌజులు తొడుక్కుని నిలబడ్డాడు. నాలుగు గోల్స్ తిని, ఇంత తిన్నాక ఇంటికెళ్తే మా ఆవిడ ఇంకా అన్నం పెట్టాలా అని అడిగాడు. తర్వాత ముగ్గురన్నారు. మహమ్మారి వచ్చిన ఏడాది ఐదుగురన్నారు, అదే ఉండిపోయింది. అయితే ఐదుగురినీ ఐదుసార్లు మార్చకూడదు. ఆట ఆగినప్పుడు మూడే మూడు విడతలు. విరామంలో మారిస్తే అది విడత లెక్కలోకి రాదు. మా కోచ్ ఆ కిటుకు బాగా ఎరిగినవాడు. విరామంలో ఒకర్ని, అరవయ్యో నిమిషంలో ఇద్దర్ని, డెబ్బైలో ఇద్దర్ని దించేవాడు. అలిసిన వాళ్ళ మీదికి తాజా కాళ్ళు తోలితే సగం ఆట గెలిచినట్టే అనేవాడు.

ఆ తర్వాత వచ్చింది తలదెబ్బ మార్పు. ఎవరికైనా తలకి దెబ్బ తగిలి మెదడు అదిరిందని అనుమానం వస్తే, ఐదుగురూ అయిపోయినా సరే, ఇంకొకర్ని దించవచ్చు. బయటికొచ్చినవాడు ఆ రోజుకి మళ్ళీ లోపలికి పోకూడదు. మా లీగులో దానికి గులాబి రంగు చీటీ. దానికో మెలిక ఉంది. ఒక జట్టు ఆ చీటీ వాడితే ఎదుటి జట్టుకి కూడా ఇంకొకర్ని మార్చుకునే హక్కొస్తుంది, వాళ్ళ తలలకి ఏమీ కాకపోయినా. ఊరికే దెబ్బ నటించి లాభపడకుండా పెట్టిన నియమం అది.

మా చెల్లెలి కొడుకు మా జట్టులోనే వెనక ఆడేవాడు, నాలుగో నంబరు. వాణ్ణి చిన్నప్పుడు మైదానానికి తీసుకొచ్చింది నేనే. ఆ రోజు ఆఖరి మ్యాచ్. గెలిస్తే లీగులో ఉంటాం, లేకపోతే కింది దాంట్లోకి పోతాం. మధ్యాహ్నం బట్టలు మార్చుకునే గదిలో కోచ్ బోర్డు మీద అన్నీ గీసి చూపించాడు. ఎదుటివాళ్ళ బెంచీ మీద నిచ్చెన అని ఒకడున్నాడు, అందరికన్నా తలెత్తు పొడుగు. మోకాలు బాగాలేక ఇరవై నిమిషాలే ఆడగలడు. వాడు దిగకముందే వాళ్ళ మార్పులు అయిపోయేలా చెయ్యాలన్నాడు. అందుకోసం రెండు పక్కల నుంచీ పరుగులు పెట్టించి వాళ్ళ వెనకవాళ్ళు అలిసిపోయేట్టు చేశాడు. నిజంగానే వాళ్ళు డెబ్బై ఐదో నిమిషానికి ఐదుగురినీ మార్చేశారు. నిచ్చెన బెంచీ మీదే ఉండిపోయాడు. మేమూ ఐదూ వాడేశాం. మాది ఒక గోల్, వాళ్ళది సున్నా. ఆ గోల్ మా చెల్లెలి కొడుకే తలతో కొట్టాడు.

డెబ్బై ఎనిమిదిలో గాల్లో బంతికి ఎగిరి, ఎదుటివాడి మోచెయ్యి చెవి పక్కన తగిలి పడ్డాడు. రిఫరీ పిలిచాడు. డాక్టరమ్మ, వెనక సంచీతో నేను పరిగెత్తాం. గీత దాటుతుంటే కోచ్ నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు.

"డాక్టరమ్మ మార్చమంటే మారుస్తాను, కాదనను. కానీ మారిస్తే నిచ్చెన దిగుతాడు తాతా."

అంతే అన్నాడు. ఆయన్ని తప్పు పట్టను.

డాక్టరమ్మ మోకాళ్ళ మీద కూచుని వాడి కళ్ళు చూసింది. నేను ఆమె వెనక ఉన్నాను. ఇది మొదటి సగమా రెండోదా అని అడిగింది. వాడు నావంక చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. చిన్నప్పుడు ఎక్కాలు అడిగితే అట్లాగే చూసేవాడు. నేను రెండు వేళ్ళు చూపించాను. రెండో సగం అన్నాడు. పోయిన వారం గెలిచామా అంది. నేను తలూపాను. గెలిచాం అన్నాడు. గోల్ ఎవరు కొట్టారంటే తన గుండె మీద వేలు పెట్టుకున్నాడు, అది మాత్రం వాడికే గుర్తుంది.

ఆమెకి సందేహం తీరలేదు. వెనక్కి తిరిగి నన్నడిగింది.

"వీణ్ణి పుట్టినప్పట్నుంచీ చూసినవాడివి. మామూలుగానే ఉన్నాడా తాతా?"

"ఉన్నాడు," అన్నాను.

రోజుకి పది మాటలు ఆడనని మా చెల్లెలు నన్ను దెప్పుతుంది. ఆ మ్యాచ్‌లో నేను ఆడిన మాట అదొక్కటే.

దెబ్బ చూపించుకున్నవాడు ఒకసారి గీత దాటాలని నియమం కాబట్టి వాడు బయటికొచ్చి, రిఫరీ రమ్మన్నాక మళ్ళీ లోపలికి పోయాడు. పోయేముందు, "మనం ఎటు కొడుతున్నాం మామయ్యా?" అని అడిగాడు. చెయ్యి చాపి చూపించాను. గులాబి చీటీ నా చొక్కా జేబులోనే ఉంది. నాలుగు అని రాస్తే అయిపోయేది.

ఎనభై ఆరులో ఇంకో బంతికి తల పెట్టాడు. ఎవరూ తగల్లేదు. ఎగిరినవాడు ఎగిరినట్టే పడ్డాడు, చేతులు కూడా అడ్డం పెట్టుకోలేదు.

అప్పుడు రాశాను చీటీ. నాలుగు వంకరగా వచ్చింది. మావాడి బదులు ఒకడు దిగాడు, వాళ్ళ తరఫున నిచ్చెన దిగాడు. తొంభై మూడో నిమిషంలో తలతో గోల్ కొట్టాడు. ఒకటీ ఒకటీ. కింది లీగులోకి పోయాం. అదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నేను అంబులెన్సులో వాడి బూట్లు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాను.

తలలో రక్తం గడ్డ కట్టిందని సాయంత్రం ఆపరేషన్ చేశారు. బతుకుతాడన్నారు. కుడి చెయ్యీ మాటా ఎంతవరకు వస్తాయో ఇప్పుడే చెప్పలేమన్నారు. మా చెల్లెలు ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూచుని ఉంది. కోపమంతా డాక్టరమ్మ మీదే.

"అన్నయ్యా, ఆవిడ దగ్గరగా చూసిందా? సరిగ్గా అడిగిందా వాణ్ణి?"

అడిగిందన్నాను. మరి వాడు చెప్పలేకపోతే తెలీలేదా ఆవిడకి అంది. ఒళ్ళో ఉన్న వాడి బూట్ల లేసులు విప్పి మళ్ళీ కట్టాను. మాట్లాడకపోవడం నా స్వభావమే అనుకుని ఆమె ఇంకేమీ అడగలేదు. నా భుజానికి తల ఆనించి పడుకుంది.

కోచ్ వచ్చాడు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు. రేపు పదింటికి క్లబ్బు కమిటీ కూచుంటుందట, డాక్టరమ్మని సంజాయిషీ అడుగుతారట. ఆమె తన కాగితంలో అన్ని ప్రశ్నలకీ వాడు జవాబు చెప్పాడని రాసిందట. అట్లా ఎలా జరిగిందో ఆమెకే అర్థం కావడంలేదట. మనకెందుకులే తాతా, పెద్దవాడివి, నువ్విందులో తలదూర్చకు అన్నాడు.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే క్లబ్బుకి పోయాను. పదహారు జెర్సీలు నానబెట్టి ఉతికి తాడు మీద ఆరేశాను. నాలుగో నంబరుది కత్తిరించి తీశారు, ఆస్పత్రిలోనే ఉండిపోయింది. దాని క్లిప్పులు రెండూ తాడుకి ఖాళీగా పెట్టాను. తర్వాత చేతులు తుడుచుకుని కమిటీ గదిలోకి పోయాను. డాక్టరమ్మ ఒక్కతే ఒక పక్క, ఐదుగురు ఒక పక్క కూచుని ఉన్నారు. ఏం కావాలి తాతా, టీలు తర్వాత తెద్దువులే అన్నారు.

వాళ్ళ ముందు నిలబడి రెండు వేళ్ళు ఎత్తి చూపించాను. ఎట్లా చూపించానో, ఎక్కడ నిలబడి చూపించానో మొత్తం చెప్పాను.