ఉత్త డబ్బా

గోదావరి ఎనక్కి తన్ని మా ఊరు దొంకేశ్వర్ చేలన్నీ ముంచిన వరద వచ్చింది చూడండి, దాని మరుసటి ఏడాది. ఆ మాఘంలో మా అమ్మ ముత్తవ్వకు పక్షవాతం వచ్చింది.

అప్పుడు నేను ఆర్మూర్‌లో గది తీసుకుని, పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము దగ్గర పని చేస్తున్నాను. మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి. మాటలు తక్కువ. నా భార్య పోయి చాలా ఏళ్లు. అదే షెడ్డులో భాగ్యవ్వ పొడుగు పసుపు కొమ్ములు ఒక పక్కకు, గుండ్రటి గోళ దుంపలు ఒక పక్కకు ఏరేది. ఆమె భర్త ఆరేళ్లు మంచం పట్టి పోయాడు. ఆ ఆరేళ్లూ ఒక్కతే చేసింది. అతను పోయాక, పొద్దంతా చేతులు పసుపులోనే ఉన్నా, పిలిచి ఆ చేతుల్లో పసుపు పెట్టినవాళ్లు లేరు.

ఎనిమిదేళ్లుగా మేము ఒకరికొకరం. పెళ్లి లేదు, దాపరికమూ లేదు. పొద్దున ఆమె నాకు అన్నం డబ్బా తెచ్చేది. సాయంత్రం కడిగి ఇచ్చేవాణ్ణి. గిన్నె ఉత్తగా తిరిగివ్వకూడదని మా దగ్గర పట్టింపు. ఒకరోజు బెల్లం ముక్క, ఒకరోజు నాలుగు మిరపకాయలు వేసేవాణ్ణి. "లింగయ్య నోట్ల మాట లేకున్నా డబ్బాల ఏదో ఒకటి ఉంటది" అని ఏరే ఆడవాళ్లలో దీప ఎగతాళి చేసేది.

అమ్మను దవాఖానలో పది రోజులు ఉంచి ఇంటికి పంపారు. కుడి పక్కంతా పడిపోయింది. నర్సు నాకు అన్నీ చేసి చూపించింది. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే వీపు పుండు పడుతుంది. లేపి కూర్చోబెట్టి గంజి పట్టాలి. ఒక గుటక దిగాకే ఇంకో చెంచా. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అమ్మకు నేనొక్కణ్ణే. ఆర్మూర్‌లో డ్రమ్ము తిప్పుతూ దొంకేశ్వర్‌లో పక్క మార్చలేను.

పక్కింటి వెంకవ్వ ఒక్క రోజు చూస్తానంది. పని మానేసి గది ఖాళీ చేద్దామని ఆర్మూర్ వచ్చాను. భాగ్యవ్వ డబ్బా పది రోజులుగా నా గదిలోనే ఉంది. కడిగి, షెడ్డుకు తీసుకెళ్లి ఇచ్చాను. మూత తీసి చూసింది. ఏమీ లేదు. వేయడం మరిచిపోయాను.

"మన ముచ్చట ఒడిసినట్టేనా?" అంది.

కాదన్నాను. అమ్మ సంగతి చెప్పి, కొన్నాళ్లు ఆగుదామన్నాను. డబ్బా తేవద్దు, దొంకేశ్వర్ రావద్దు, నేనూ రాలేనన్నాను. బస్సులో కూడగట్టుకున్న మాటలు అంతే.

తనూ వస్తానంది. పక్క మార్చడం తనకు తెలుసంది, ఇద్దరుంటే ఒకరు కన్ను మూయొచ్చంది. వద్దన్నాను. ఆరేళ్లు చేసి ఆమె ఎట్లా అయిపోయిందో చూసినవాణ్ణి. మళ్లీ ఇంకో మంచం పక్కన కూర్చోబెట్టలేనని చెప్పాను.

"నా కష్టం నువ్వే తూచినవా? నన్ను అడుగకుంటనే?"

తప్పే. అడగాల్సింది. కానీ దాని వెనక ఇంకో మాట ఉంది, అదీ చెప్పాను.

"నువ్వొస్తే నా చూపు నీ మీదనే ఉంటది భాగ్యా. నాకు రెండు పనులు చాతగావు."

మళ్లీ కొమ్ములు ఏరసాగింది. తర్వాత ఎన్నాళ్లని అడిగింది. ఎన్నాళ్లని చెప్పినా అమ్మ ఎప్పుడు పోతుందో చెప్పినట్టే. ఆ మాటే అన్నాను. ఆమె కళ్లు తుడుచుకోలేదు, చేతులకు పసుపుంది.

"అయితే అవ్వ సావుకు ముడిపెట్టకు. మిర్గం నాడని పెట్టు. అవ్వ లేసి కూసున్నా, గట్లనే పడి ఉన్నా, గా రోజు నువ్వొచ్చి ముఖం చూపియ్యి. ఉండుడో విడుసుడో గప్పుడు మాట్లాడుకుందం."

మిర్గమంటే మృగశిర కార్తె మొదలయ్యే నాడు, పసుపు విత్తనం పెట్టే అదను. ఇంకా మూడు నెలలుంది. సరేనన్నాను. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తానన్నాను. చేస్తే మాట్లాడాలి, ఉత్తగా చెవికి పెట్టుకుని ఉండొద్దంది. నవ్వించడానికే అంది. ఇద్దరమూ నవ్వలేదు.

"ఎదురుచూస్తనని మాత్రం నాతోని అనిపియ్యకు లింగయ్యా. ఆరేండ్లు చూసిన. ఎట్లుంటదో నాకెరుక."

అడగనన్నాను. అడగాలనే ఉంది. ఆమె ఉత్త డబ్బా చంకన పెట్టుకుని ఇంటికి పోయింది.

తెల్లారి గది తాళం ఓనరుకు ఇచ్చి, మొదటి బస్సుకు ముందు ఆమె వాకిట్లోకి పోయాను. తలుపు వేసి ఉంది. డబ్బా అరుగు మీద బోర్లించి ఉంది. పిలవలేదు. డబ్బా తిప్పి, పాలిష్ పట్టిన కొమ్ములు గుప్పెడు వేసి మూత పెట్టాను. తర్వాత దొంకేశ్వర్ బస్సెక్కాను. అమ్మకు పక్క మార్చే వేళవుతోంది.