అక్క ఫైల్లో నాలుగువందల ముప్ఫై ఒకటో పేజీ

కాగితాల్లో మాటలు వెతికిపెట్టడం నా ఉద్యోగం. కెనడాలోని మిస్సిసాగాలో ఎయిర్‌పోర్టు వెనక ఉన్న మా ఆఫీసుకు లాయర్లు, క్లినిక్కులవాళ్లు పాత ఫైళ్లను అట్టపెట్టెల్లో పంపుతారు. మేం స్కాన్ చేస్తాం. స్కాన్ అంటే ఉత్త ఫొటో. అందులో ఏ మాటా వెతకలేం. దాన్ని ఓసీఆర్‌కు పెడితే సాఫ్ట్‌వేర్ అక్షరాలను గుర్తుపట్టి, ఫొటో వెనక కనబడకుండా టెక్స్ట్ పరుస్తుంది. ఇక సెర్చ్‌లో మాట కొడితే ఆ పేజీ దొరుకుతుంది. పదకొండేళ్లుగా ఇదే పని. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే. మహీధర్‌ని అడిగితే క్షణంలో తీసిస్తాడని ఆఫీసులో అంటుంటే లోలోపల మురిసిపోయేవాణ్ని.

ఆ మంగళవారం ఉదయం పదకొండు గంటలకు నిఖిల ఫోన్ చేసింది. నిఖిల మా అక్క విశాలాక్షి కూతురు. పుట్టింది, పెరిగింది ఇక్కడికి దగ్గర్లోని మిల్టన్‌లోనే. బావగారు పోయాక ఆ ఇంట్లో తల్లీకూతుళ్లిద్దరే.

"మామయ్యా, అమ్మకి ఫీవర్. ఏదేదో మాట్లాడుతోంది. నన్ను గుర్తుపట్టట్లేదు. హాస్పిటల్‌కి తెచ్చాను." మామూలుగా నాతో ఇంగ్లీషులోనే మాట్లాడే పిల్ల తెలుగులో మాట్లాడుతోందంటే సంగతి చిన్నది కాదని అప్పుడే అర్థమైంది. "మెదడు చుట్టూ ఇన్ఫెక్షన్ అంటున్నారు. వెంటనే మందు ఎక్కించాలట. ఏదైనా మందు పడదా అని డాక్టర్ అడుగుతోంది. ఇండియాలో హాస్పిటల్లో ఉంది కదా, ఆ ఫైల్ నీ దగ్గరుంది కదా?"

ఉంది. పోయిన ఏడాది అక్క తెనాలి వెళ్లినప్పుడు జబ్బుపడి, అక్కడ నర్సింగ్ హోంలో నెలన్నర ఉంది. ఒక కిడ్నీ దెబ్బతింది. వచ్చేటప్పుడు ఆ నర్సింగ్ హోంవాళ్లు కేస్‌షీట్లు, రిపోర్టులు, బిల్లులు అన్నీ కలిపి ఆరువందల పద్దెనిమిది పేజీలు స్కాన్ చేసి ఇచ్చారు. నేను దాన్ని ఆఫీసు మెషీన్లో ఓసీఆర్ చేసి, అక్కకూ నిఖిలకూ పంపి, 'ఇక ఏది కావాలన్నా సెర్చ్ చేసుకోండి' అని గొప్పగా చెప్పాను.

"ఒక్క నిమిషం ఉండమ్మా" అని ఫైలు తెరిచాను. 'ఎలర్జీ' అని ఇంగ్లీషులో కొట్టాను. సున్నా. 'రియాక్షన్' కొట్టాను. రక్తపరీక్షల కాగితాల్లో రెండు చోట్ల వచ్చింది, దేనికీ సంబంధం లేదు.

"ఏమీ లేదు నిఖిలా. మొత్తం వెతికాను. ఇచ్చేయమను" అన్నాను.

ఆ మాట నా నోటితోనే అన్నాను.

కారు తాళాలు తీసుకుంటూ తెనాలిలోని రత్నకుమారి పిన్నికి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. అప్పట్లో ఆస్పత్రిలో అక్క దగ్గరుండి చూసుకున్నది ఆవిడే. విషయం చెప్పానో లేదో, "ఒరేయ్, ఆ ఇంజెక్షన్ మాత్రం ఇవ్వనీయకండ్రా!" అని అరిచింది.

"ఏ ఇంజెక్షన్ పిన్నీ?"

"అయ్యో రాత, మీ అక్క నీకు చెప్పలేదూ? ఇంజెక్షన్ పడక నాలుక ఇంత లావున వాచి ఊపిరాడలేదు. డాక్టరు పరిగెత్తుకొచ్చి బతికించాడు. పేరు నాకేం తెలుసు నాయనా! టైపు కొట్టించి కాగితం ఇచ్చారు, ఎక్కడికెళ్లినా చూపించమని. ఫైల్లోనే పెట్టాం."

పిన్ని ఫోన్ పెట్టేసి నిఖిలకు కొట్టాను. రింగవుతోంది. ఎత్తదే! ఆ ఆరు రింగుల్లో నేను మొక్కని దేవుడు లేడు.

"ఆపమను! మందు ఆపమను! ఏదో పడలేదంట, పేరు తెలీదు!"

అవతల ఏదో కలకలం. తర్వాత డాక్టరే ఫోన్ తీసుకుంది. నెమ్మదిగా, స్పష్టంగా చెప్పింది. పడని మందు పేరు తెలిస్తే దాని జాతి మందులు కాకుండా ఇంకోటి ఎంచుకోగలదు. తెలియకపోతే మిగిలే మందు అక్క కిడ్నీకి ప్రమాదం, ఉన్న ఒక్కటీ పోవచ్చు. అలాగని ఆగితే మెదడుకు ప్రమాదం. ఇరవై నిమిషాలు ఆగగలనంది. ఆ తర్వాత ఏదో ఒకటి ఎక్కించక తప్పదు.

మిల్టన్ వెళ్లి ప్రయోజనం లేదు. నాలుగువందల ఒకటో హైవే మీదే ఆ ఇరవై నిమిషాలూ పోతాయి. ఫైలు ఇక్కడుంది, నేనిక్కడే ఉండాలి.

కాగితం ఫైల్లో ఉందని పిన్ని అంటోంది, లేదని సెర్చ్ అంటోంది. ఎవరిని నమ్మాలి? ఏదో ఒక పేజీకి వెళ్లాను. తెలుగులో టైపు చేసిన పథ్యం చీటీ అది. దాని వెనకున్న టెక్స్ట్ కాపీ చేసి నోట్‌పాడ్‌లో పెట్టాను. పైన్నుంచి కిందదాకా ఎనిమిదులు, సున్నాలు, బ్రాకెట్లు, తలాతోకా లేని ఇంగ్లీషు అక్షరాలు.

అప్పుడర్థమైంది. మా ఆఫీసులో ఓసీఆర్ భాషల సెట్టింగు ఎప్పుడూ ఇంగ్లీషు, ఫ్రెంచి. కెనడా కదా, ఆ రెండు టిక్కులూ ఎప్పటినుంచో అక్కడే ఉంటాయి, ఎవరూ ముట్టుకోరు. ఏ భాషో చెప్పకపోతే ఆ సాఫ్ట్‌వేర్ పేజీని చూసి తనంతట తాను తెలుసుకోదు. తనకిచ్చిన భాషల అక్షరాల్లోనే ప్రతి గీతనూ ఇరికిస్తుంది. తెలుగు పేజీలన్నిటినీ అది చెత్తగా రాసిపెట్టింది. ఆ చెత్తలో వెతికి, ఏమీ లేదని డాక్టరుకు చెప్పించిన మొనగాణ్ని నేను. మన ఆస్పత్రి కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయిలే అనుకున్నాను. పుట్టిన దగ్గర్నుంచీ అక్కడి ఆస్పత్రులు చూసినవాణ్ని, రోగి చేతికిచ్చే కాగితం తెలుగులో ఉంటుందన్న ఇంగితం లేకపోయింది నా మొహానికి!

భాషల జాబితా తెరిచాను. తెలుగు లేదు. తెలుగు ఫైళ్లు మాకెప్పుడొచ్చాయి గనక? దాని భాషా ప్యాక్ విడిగా వేసుకోవాలి, దానికి అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. "యోగానంద్!" అని నేను పెట్టిన కేకకు హాలు మొత్తం ఇటు తిరిగింది.

యోగానంద్ మా సిస్టమ్స్ కుర్రాడు. కరీంనగర్ వాడు. నా మొహం చూసి ఏమీ అడక్కుండా వచ్చి కూర్చున్నాడు. రెండు ముక్కల్లో చెప్పాను.

"టెన్షన్ పడకన్నా, రెండు నిమిషాలు" అంటూ తెలుగు ప్యాక్ దింపాడు. తెలుగు, ఇంగ్లీషు రెండూ టిక్కు పెట్టి ఫైలు నడిపించాం.

నాలుగు సెకన్లలో 'పూర్తయింది' అంది.

ఆరువందల పేజీలు నాలుగు సెకన్లలో ఎలా అవుతాయి? తెరిచి చూస్తే మళ్లీ అదే చెత్త. నేను బల్ల మీద గుద్దాను. యోగానంద్ సెట్టింగుల్లోకి వేలు పెట్టి చూపించాడు. 'ముందే టెక్స్ట్ ఉన్న పేజీలను వదిలేయి' అన్న చోట టిక్కు ఉంది.

"పాత చెత్త ఉంది కదన్నా, టెక్స్ట్ ఉందనుకొని అన్ని పేజీలు దాటేసింది. పాతది తీసేసి మళ్ల మొదటినుంచి చదవమనాలె."

ఆ టిక్కు తీసి, పాత టెక్స్ట్ చెరిపేసి మళ్లీ చేయమని పెట్టాడు. ఈసారి అంకె ఒకటి, రెండు, మూడు అంటూ కదిలింది. ఎనిమిది నిమిషాలు పడుతుందని కింద చూపించింది. గడియారంలో అప్పటికే ఏడు నిమిషాలు పోయాయి.

ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. పక్క స్క్రీన్ మీద పాత ఫైలు పెట్టుకుని మొదటి నుంచి కళ్లతో చూడటం మొదలుపెట్టాను. బిల్లులు, చార్టులు, అడ్డం తిరిగిన స్కానులు. నూట నలభై పేజీలు దాటేసరికి కళ్లల్లో నీళ్లు తిరిగి అక్షరాలు అలుక్కుపోయాయి. చిన్నప్పుడు బడికి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిన అక్క. నాకు భయంగా ఉందని ఎవరికి చెప్పను? భయంగా ఉంది. అంతే.

"అయిందన్నా!"

గబగబా 'ఎలర్జీ' కొట్టాను. సున్నా.

"ఇంగ్లీషుల కొడుతున్నవన్నా! పేజీ తెలుగుల ఉంటే ఇంగ్లీషు మాట ఎట్ల దొరుకుతది?"

నా కీబోర్డులో తెలుగు లేదు. ఫోన్లో తెలుగులో టైపు చేసి నాకే మెయిల్ పంపుకుని, కాపీ చేసి పెట్టాను. 'ఎలర్జీ' తెలుగులోనూ సున్నా. 'ఇంజెక్షన్' రెండువందల పన్నెండు చోట్ల. అవన్నీ చూసే టైము లేదు. మూడు నిమిషాలే మిగిలాయి. పిన్ని ఏమంది? ఎలర్జీ అనలేదు. నాలుక వాచింది అంది. 'నాలుక' అని పెట్టాను.

ఒకే ఒక్కటి. నాలుగువందల ముప్ఫై ఒకటో పేజీ.

ఎర్రగీతల పెట్టెలో, పెద్ద అక్షరాల్లో టైపు చేసి ఉంది. వెనకున్న టెక్స్ట్‌లో మందు పేరు ముక్కలు ముక్కలుగా వచ్చింది, అది నమ్మలేదు. ఫొటోలోని అక్షరాలే పెద్దవి చేసి కళ్లతో చదివాను. 'సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ ఇచ్చిన పది నిమిషాలకు రోగికి నాలుక, పెదవులు వాచి ఊపిరి అందలేదు. ఈ మందు ఇకపై ఎప్పుడూ ఇవ్వరాదు. ఏ ఆస్పత్రికి వెళ్లినా ఈ కాగితం చూపించండి.'

ఫోన్లో ఆ పేరు ఒక్కో అక్షరం విడగొట్టి మూడుసార్లు చెప్పాను. డాక్టరు తిరిగి మూడుసార్లు చెప్పింది. "థాంక్యూ" అని మాత్రం అని ఫోన్ నిఖిల చేతికిచ్చింది.

"మామయ్యా" అంది నిఖిల. "నువ్వు ఆపమన్నప్పుడు ఆ మందే స్టాండ్‌కి వేలాడుతోంది. నర్స్ ట్యూబ్ కలపబోతోంది. నేను అడ్డంగా వెళ్లి పట్టుకున్నాను."

యోగానంద్ నా భుజం మీద చెయ్యేసి అలాగే ఉంచాడు.

నేను మిల్టన్ చేరేసరికి వేరే మందు ఎక్కుతోంది. సాయంత్రానికి జ్వరం దిగింది. అక్క కళ్లు తెరిచి, "ఏరా, ఆఫీసు లేదా?" అంది. నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

కారిడార్లో నిఖిల తన ఫోన్ తీసి నాకు చూపించింది. అదే పేజీ, ఎర్ర పెట్టె.

"ఇది పొద్దున్నే చూశాను మామయ్యా. నీకు కాల్ చేయకముందు మొత్తం స్క్రోల్ చేశాను, ఒక్కొక్క పేజీ. ఇక్కడ ఆగాను కూడా. నాకు తెలుగు చదవడం రాదు కదా. బిల్లేమో అనుకున్నాను." కళ్లు తుడుచుకుంది. "నువ్వు ఎప్పుడూ చూడలేదా ఇది?"

ఏడాదిగా ఆ ఫైలు నా దగ్గరే ఉంది. మెషీన్లో పెట్టాను, ఓసీఆర్ చేశాను, పేరు పెట్టి దాచాను, అందరికీ పంపాను. తెలుగు చదవడం వచ్చినవాణ్ని.

"లేదమ్మా" అన్నాను. "ఒక్క పేజీ కూడా తెరిచి చూడలేదు."