కొత్త కజాన్‌కు పట్టిన తుప్పు

కజాన్ అడుగున తుప్పు కనబడగానే నిగినా వంగి వేలితో గీకి చూసింది. నిన్న తోమి, పొయ్యి మీద ఆరబెట్టి, నూనె గుడ్డతో తుడిచి మరీ పెట్టింది. మూత కూడా వేయలేదు, లోపల చెమ్మ చేరుతుందని. అయినా ఆ పెద్ద పోత ఇనుప బాణలి అడుగున, మాగిన నేరేడు పండు రంగు రావలసిన చోట, ఇటుక పొడి చల్లినట్టు ఎర్రగా ఉంది.

అత్తగారు రోహతోయ్ వెనకే వచ్చి వంగి చూసింది. మర్గిలాన్ పట్టణంలో ఆ వీధి ఆడవాళ్ళ విందులన్నిటికీ పలావ్ వండేది ఆవిడే. ఆవిడ చేతిలో చిల్లుల గరిటె ఉంటే మగ వంటవాళ్ళు కూడా పక్కకి తప్పుకుంటారు.

"తడి వదిలేశావా, అమ్మాయ్?"

"లేదత్తయ్యా. పొయ్యి మీదే ఆరబెట్టాను. ఒట్టు."

"ఇనుముకి నీ ఒట్లతో పనేంటి? తడి ఉంటే తుప్పు పడుతుంది. అంతే."

పాత కజాన్ చలికాలం చివర్లో నిట్టనిలువునా పగిలిపోయింది. ఎలా పగిలిందో ఎవరూ చూడలేదు. "దానికదే పోయింది, ముసలిదైపోయిందిగా" అంది రోహతోయ్. ముసలిదైనంత మాత్రాన కజాన్ పగలదని నిగినాకు తెలుసు. కాలుతున్న ఇనుములో చల్లటి నీళ్ళు పోస్తేనే అలా పగులుతుంది. కానీ అత్తగారి మాటకు ఎదురు చెప్పేంత గుండె ధైర్యం ఏ కోడలికుంది!

కొత్తది రాగానే రోహతోయ్ కూతురి ముందే మాట ఇచ్చేసింది. "హయీత్ పండగ పలావ్ దీన్లో నిగినా వండాలి. కుదిరిందా, నా గరిటె దానిది. కుదరలేదా, జైనూరా, నీది." జైనూరా రెండు సందుల అవతలి ఇంటి కోడలు, పొద్దున్నే వచ్చి పుట్టింట్లోనే టీ తాగుతుంది. ఆ మాట విన్నాక ఆవిడ మొహంలో వెలుగు చూడాలి!

కజాన్‌ను కాల్చడం అత్తగారే దగ్గరుండి నేర్పింది. ముందు ఫ్యాక్టరీవాళ్ళు పూసిన జిడ్డు పోవాలి. వేడి నీళ్ళు, సోడా వేసి రుద్దారు. తర్వాత మల్బరీ కట్టెల మంట మీద పెట్టి పొగ ఆగేదాకా కాల్చారు. దండిగా ఉప్పు పోసి, అది బూడిద రంగుకు తిరిగేదాకా కలియబెట్టారు. ఆ ఉప్పు పారేసి, గోరువెచ్చగా ఉండగానే అవిసె నూనె రాశారు.

"రాసి తుడిచెయ్యి. ఇంకా తుడువు. అసలు రాయలేదేమో అనిపించేదాకా తుడువు," అంది రోహతోయ్. "ఎక్కువ రాస్తే నల్లగా కాదు, బంకగా అవుతుంది. ఇప్పుడు మళ్ళీ పొగ వచ్చి ఆగిపోయేదాకా మంట పెట్టు. చల్లారనిచ్చి మళ్ళీ రాయి. పొర మీద పొర. తొందరపడినవాళ్ళకి కజాన్ లొంగదు."

ఆ రోజు సాయంత్రానికి లోపలంతా నల్లగా నిగనిగలాడింది. నిగినా వేలితో తాకితే వేలికి ఏమీ అంటలేదు. ఆ పిల్లకు పెళ్ళైన దగ్గర్నుంచి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

ఇప్పుడు తుప్పు. ఉప్పుతో రుద్ది, ఆరబెట్టి, మళ్ళీ నూనె పొరలు పట్టించింది. కొన్నాళ్ళు బాగానే ఉంది. తర్వాత ఓ ఉదయం చూస్తే అడుగంతా బంక. బెల్లం పాకంలో చెయ్యి పెట్టినట్టు వేళ్ళు అతుక్కుపోయాయి. జైనూరా టీ గిన్నె పట్టుకుని వచ్చి చూసి కిసుక్కుమంది.

"అబ్బ, పలావ్ వండుతావా, ఈగలు పడతావా?"

"నేను ఇంత నూనె పోయలేదు, వదినా."

"అయితే దయ్యం పోసిందా? మా అమ్మ చేతిలో పెరిగిన కజాన్‌లకి ఇలాంటి జబ్బులు ఎప్పుడూ రాలేదు మరి!"

నిగినాకు ఒళ్ళు మండింది. దయ్యం కాదు, నువ్వే, అనుకుంది. ఈ ఇంటి గేటు తాళం చెవి నీ దగ్గరా ఉంది, గరిటె మీద కన్నూ ఉంది. రాత్రి భర్త ఇల్యోస్‌తో చెప్పబోతే, పట్టు మగ్గం దగ్గర అలిసి వచ్చిన మనిషి, "ఒక బాణలి కోసం మా అక్కని దొంగని చేస్తావా?" అని అటు తిరిగి పడుకున్నాడు.

బంక పోవాలంటే మళ్ళీ కాల్చాల్సిందే. కాల్చింది. మర్నాడు చెత్త పారేయడానికి మల్బరీ చెట్టు వెనక్కి వెళితే అక్కడ బూడిద రంగు ఉప్పు కుప్ప ఉంది. ఒకటి కాదు, పాతవి వానకు కరిగినవి, కొత్తవి ఇంకా పొడిగా ఉన్నవి, వరసగా. నిగినా పారేసింది అవి కాదు. ఆమె తన ఉప్పును వీధి కాలువ దగ్గర పోస్తుంది.

నిగినా అక్కడే చతికిలబడింది. జైనూరాకు గుడ్డు ఉడికేదాకా ఆగే ఓపిక లేదు. ఉప్పు రంగు మారేదాకా పొయ్యి దగ్గర నిలబడే మనిషి కాదావిడ. కజాన్‌ను పాడుచేయాలనుకున్నవాళ్ళు ఉప్పు ఎందుకు కాలుస్తారు? దాన్ని ఎవరూ పాడుచేయడం లేదు. బాగుచేస్తున్నారు. సగంలో వదిలేసి పోతున్నారు.  ఆ ఆలోచనను అక్కడితో ఆపేసింది, ముందుకు సాగనివ్వలేదు.

ఆ మధ్యాహ్నం రొట్టెలు తెచ్చుకుని వస్తుంటే సందు మొదట్లోనే మాడు వాసన తగిలింది. గేటు తోసేసరికి పెరట్లో నీలంగా పొగ. పొయ్యిలో కట్టెలు నిలువునా మండుతున్నాయి. కజాన్‌లో బెత్తెడు లోతు నూనె, దాని మీద మంట లేచి ఆడుతోంది. పక్కన రోహతోయ్, కాలువ నీళ్ళ బకెట్ రెండు చేతులా ఎత్తి పట్టుకుని ఉంది.

"వద్దు! అత్తయ్యా, నీళ్ళు వద్దు!"

రొట్టెలు ఎక్కడ పడ్డాయో తెలియదు. బకెట్ లాగి అవతల పారేసింది. గోడకు ఆనించిన మూతను అడ్డంగా పట్టుకుని కజాన్ మీదకు తోసింది. కట్టెలు కాలితోనే బయటికి లాగింది. మూత కింద మంట ఊపిరాడక చచ్చింది. నీళ్ళు పడి ఉంటే, నూనె భగ్గున ఎగిసి ఆవిడ మొహం మీదే పడేది. తర్వాత ఇనుము పగిలేది. పాతది ఎలా పగిలిందో ఇప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు.

రోహతోయ్ తడిసిన చీలమండలు చూసుకుంది. తర్వాత నిగినా వైపు చూసింది, ఎరగని మనిషిని చూసినట్టు, మర్యాదగా.

"భయపడ్డావా తల్లీ? ఎవరింటి పిల్లవి నువ్వు? ఏం లేదు, కొత్త కజాన్. ఈ పొద్దే తెచ్చాం. మా కోడలు వచ్చేలోగా కాల్చి పెడదామని. అమాయకురాలు, దానికి తెలియదు. కానీ చెయ్యి మంచిది." గొంతు తగ్గించింది. "ఎవరితో అనకు. గరిటె దానికే ఇస్తాను."

 నిగినా ఇన్నాళ్ళూ ఏ మాట కోసం పరితపించిందో, ఆ మాట తనెవరో తెలియని మనిషి నోట విన్నది. 

గేటు చప్పుడైంది. జైనూరా ముక్కు మూసుకుంటూ వచ్చింది. "ఏంటీ పొగ? అమ్మా, మళ్ళీ ఏం చేసింది ఇది?"

కూతురి గొంతు వినగానే రోహతోయ్ కళ్ళలోకి ఎవరో తిరిగి వచ్చినట్టయింది. కట్టెలనూ, మసి పట్టిన మూతనూ, కోడలినీ చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి. "నిగినా! ఎన్నిసార్లు చెప్పాను, పలచగా రాయమని? ఇంత నూనె పోస్తారా ఎవరైనా? ఇల్లు తగలబెడతావా?"

జైనూరా నిగినా వైపు తిరిగింది. "నువ్వేనా?"

తుడిచిన గుడ్డ రోహతోయ్ నడుముకే దోపి ఉంది, నూనె డబ్బా ఆవిడ కాళ్ళ దగ్గరే ఉంది. ఒక్క మాట చాలు. కానీ ఆ మాట అంటే, ఇనుము గురించి అన్నీ తెలిసిన ఈ మనిషి, తన మతిమరుపు గురించి ఇప్పుడే, ఇక్కడే, కూతురి ముందు తెలుసుకుంటుంది. ఇల్యోస్‌కు ఈ రాత్రి చెప్పాలి, తప్పదు. 

"నేనే, వదినా. ఎక్కువ పోశాను."

"హయీత్‌కి గరిటె నువ్వే పట్టు, జైనూరా," అంది రోహతోయ్ అలసటగా. "దీనికి ఇంకా రాలేదు."

నిగినా తల ఊపింది. పొయ్యి గట్టు మీదున్న అగ్గిపెట్టె తీసి ఎవరూ చూడకుండా తన గౌను జేబులో వేసుకుంది.